మా యింట్లోని రెండు జన్మపత్రికలు

జన్మపత్రికను నమ్మేవాళ్ళు చదవరు. నమ్మనివాళ్ళూ చదవరు. నమ్మేవారు దానిని సిద్ధాంతిగారి చేతిలో పెట్టి ఆయన ముఖకవళికలు చూస్తూ కూర్చుంటారు. నమ్మనివారు అదంతా మూఢత్వమని కొట్టిపారేసి అక్కడితో తమ బాధ్యత తీరిందనుకుంటారు. ఈ రెండు పక్షాల మధ్య ఆ పుస్తకం ఇనపపెట్టెలో పట్టుబట్టల కింద నిశ్చింతగా వుండి, పెళ్ళిమాటలు వచ్చిన నాడు బయటికి వచ్చి తన పని తాను చేసుకుపోతుంది. మనం చదవని గ్రంథాన్ని మనం ఓడించలేం. అందుచేత ఒక శాసనాన్ని చదివినట్టు, ఒక తాళపత్రప్రతిని పరిష్కరించినట్టు, నా జన్మపత్రికను నేను చదివాను. మా యింట్లో దానికి ప్రతులు రెండు వున్నాయి. ఒకటి నేను పుట్టినప్పుడు రాసింది. రెండోది పాతికేళ్ళ తర్వాత, 2015లో, నా పెళ్ళికోసం రాయించింది. రెండూ ఒకే మనిషివి. రెండింటిలోను నక్షత్రం వేరు.

మొదటి ప్రతి పదహారు పేజీల చేతిరాత పుస్తకం. నాలుగు మూలలా పసుపు అద్ది వుంది. ఆరంభంలో మంగళశ్లోకం, ఆ తర్వాత కాలనిర్దేశం. ప్రమోదూత నామ సంవత్సరం, ఉత్తరాయణం, గ్రీష్మ ఋతువు, జ్యేష్ఠ మాసం, బహుళ పాడ్యమి, శనివారం, మూలా నక్షత్రం మొదటి పాదం. ఇప్పటి లెక్కలో 1990 జూన్ 9, పగలు పదిగంటలు, విశాఖపట్నం. దాని పక్కనే 'సూర్యోదయాది గత ఘడియలు 11-35' అని వుంది. ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. ఆనాడు విశాఖలో సూర్యోదయం సుమారు 5 గంటల 22 నిమిషాలకు. పదకొండు ఘడియల ముప్ఫై ఐదు విఘడియలంటే 4 గంటల 38 నిమిషాలు. రెండూ కలిపితే సరిగ్గా పదిగంటలు. ఈ పేజీ రాసినాయనకు లెక్క వచ్చును.

అదే పేజీలో మా నాన్న పేరు, తాతగారి పేరు, గోత్రం వున్నాయి. అమ్మ పేరు లేదు. 'ధర్మపత్ని' అని మాత్రం వుంది. నన్ను కన్న మనిషి పేరు తప్ప, నేను పుట్టిన క్షణానికి సంబంధించిన సమస్తమూ విఘడియలతో సహా నమోదయింది.

రెండో పేజీలో రాశిచక్రం. చక్రమన్నమాటే గాని మన ప్రాంతంలో అది చతురస్రం. చుట్టూ పన్నెండు గళ్ళు, నడుమ ఖాళీ. ఎడమవైపు పై మూల మీనం, దాని పక్కన మేషం, అక్కడినుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కున వరుసగా రాశులు. గళ్ళకు పేర్లు రాయరు. స్థానాన్ని బట్టే తెలుసుకోవాలి. గళ్ళలో పొడి అక్షరాలు వుంటాయి. ర అంటే రవి, చం చంద్రుడు, కు కుజుడు, గు గురువు, రా రాహువు, ల అంటే లగ్నం, అనగా జననవేళకు తూర్పు దిగ్మండలంలో ఉదయిస్తున్న రాశి. గ్రహం పక్కన 'వ' అని వుంటే వక్రగతి, భూమినుంచి చూచేవారికి వెనక్కు నడుస్తున్నట్టు కనబడుతున్నదని. నా చక్రంలో రవి వృషభంలో, చంద్రుడు ధనుస్సులో, గురువు మిథునంలో, వక్రించిన శని మకరంలో, లగ్నం కర్కాటకంలో వున్నాయి.

ఇంతవరకు ఇందులో జోస్యం ఏమీ లేదు. ఇది ఒక గడియారం, ఒక పంచాంగం కలిపి గీసిన బొమ్మ. రవి వున్న గడి నెల చెపుతుంది. వృషభంలో రవి అంటే మే మధ్యనుంచి జూన్ మధ్య వరకు. రవికీ చంద్రుడికీ వున్న దూరం తిథి చెపుతుంది. రవికీ లగ్నానికీ వున్న దూరం పొద్దు చెపుతుంది. సూర్యోదయవేళ లగ్నం రవి వున్న చోటనే వుంటుంది, తర్వాత ఒక్కొక్క రాశి ఉదయించడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. నాకు లగ్నం రవికి రెండు గళ్ళు ముందుంది కాబట్టి పొద్దుపొడిచి నాలుగైదు గంటలయింది. గురువు సుమారు పన్నెండేళ్ళకు, శని సుమారు ముప్ఫై ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతారు. ఈ ఇద్దరూ కలిసి దాదాపు మళ్ళీ ఇవే గళ్ళకు రావడానికి అరవై ఏళ్ళు పడుతుంది. మన ప్రభవాది అరవై సంవత్సరాల ఆవృత్తి ఈ కాలంతో సరిపోతుంది. మొదటి పేజీ చినిగిపోయిన జాతకం చేతికి వచ్చినా, ఈ చతురస్రంనుంచే దాని తేదీని దాదాపుగా పట్టుకోవచ్చు.

ఈ ఊరికి ఆకాశాన్ని కొలవడం కొత్తగాదు. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు విశాఖలోని డాబాగార్డెన్సులో సొంత నక్షత్రశాల కట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని ఇక్కడినుంచే పరిశీలించారు. అదే శుక్రుణ్ణి చూచి ఒకరు కాలాన్నీ దూరాన్నీ లెక్కగట్టారు, మరొకరు పిల్లకు పెళ్ళెప్పుడవుతుందో రాశారు. గ్రహం ఒకటే. రెండు పనుల మధ్య గీత ఎక్కడ పడిందో చూడాలంటే పుస్తకంలో ముందుకు పోవాలి.

ఆ గీత మా పుస్తకంలో దశల పట్టికలో కనబడుతుంది. వింశోత్తరి దశ అనే ఈ పద్ధతిలో మనిషికి 120 ఏళ్ళ ఆయువు వేసుకొని దానిని తొమ్మిది గ్రహాలకు పంచుతారు. కేతువుకు 7, శుక్రునికి 20, రవికి 6, చంద్రునికి 10, కుజునికి 7, రాహువుకు 18, గురువుకు 16, శనికి 19, బుధునికి 17. పుట్టిన నక్షత్రాన్ని బట్టి మొదటి దశ ఎవరిదో తేలుతుంది. అశ్విని, మఘ, మూల అయితే కేతువు. నక్షత్రంలో చంద్రుడు అప్పటికే దాటిన భాగం ఎంతో, దశలో అంత భాగం తల్లి గర్భంలో ఉండగానే గడిచిపోయిందని లెక్క. మిగిలిన దానిని జన్మకాల దశాశేషం అంటారు.

నా లెక్క ఇది. ఆనాడు మూల ఉదయం 5 గంటల 20 నిమిషాలకు ప్రవేశించింది. చంద్రుడు భూమికి దూరంగా, మెల్లగా నడుస్తున్న రోజులవి కాబట్టి నక్షత్రం మొత్తం 67 ఘడియల 30 విఘడియలు, అనగా 27 గంటలు. నేను పుట్టేసరికి గడిచినవి 11 ఘడియల 40 విఘడియలు, అనగా 280 నిమిషాలు. మొత్తం 1620 నిమిషాలు. ఏడేళ్ళను 280తో హెచ్చించి 1620తో భాగిస్తే ఒక సంవత్సరం రెండున్నర నెలలు గడిచినట్టు. శేషం 5 సంవత్సరాల 9 నెలల 14 రోజులు. పుస్తకంలోనూ అంతే వుంది. ఆ ప్రకారం కేతుదశ 1996 మార్చి 23న ముగిసింది, శుక్రదశ 2016 మార్చి దాకా, రవిదశ 2022 మార్చి దాకా నడిచాయి, ఇప్పుడు చంద్రదశ నడుస్తున్నది.

భాగహారంలో తప్పులేదు. కాని ఈ 14 రోజులనే మాట ఎంతవరకు నిలుస్తుందో చూడండి. ఆసుపత్రి గడియారం పది నిమిషాలు అటూయిటూ వుంటే శేషం పదహారు రోజులు మారుతుంది. పురుడుపోసే నర్సు బిడ్డనూ తల్లినీ చూస్తుందిగాని గోడగడియారాన్ని కాదు. నా వేళ 'పదిగంటలు' అని గుండుగా రాసి వుండడమే ఆ సంగతి చెపుతున్నది. ఇక పంచాంగమే మారితే? మనకు పూర్వపద్ధతి పంచాంగాలు, దృగ్గణిత పంచాంగాలు అని రెండు తెగలు. మొదటివి సూర్యసిద్ధాంతపు పాత లెక్కలను అనుసరిస్తాయి, రెండోవి ఆధునిక ఖగోళగణితాన్ని. తిథి నక్షత్రాల వేళల్లో వీటికి కొన్ని గంటల దాకా తేడా వస్తుంది. రెండు గంటల తేడా వచ్చినా నా దశలన్నీ ఆరు నెలలు పక్కకు జరుగుతాయి. ఈ గందరగోళాన్ని పరిశీలించడానికే 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. దాని సిఫార్సు మీద 1957 మార్చి 22నుంచి జాతీయ పంచాంగం అమలుకు వచ్చింది. ప్రభుత్వ కాగితాల మీద శకసంవత్సరపు తేదీ వచ్చింది, ఇళ్ళల్లో మాత్రం ఎవరి పంచాంగం వారిదే.

లగ్నం సంగతీ అంతే. పదిగంటలకు కర్కాటకంలో దాదాపు 27 భాగలు ఉదయించాయి. మరో పావుగంట గడిస్తే సింహలగ్నం. అప్పుడు గ్రహాలు వున్న రాశులు మారవుగాని, లగ్నంనుంచి లెక్కించే ఇళ్ళన్నీ మారిపోతాయి. మీనంలోని కుజుడు తొమ్మిదో ఇంటినుంచి ఎనిమిదో ఇంటికి వస్తాడు. ఎనిమిదింట కుజుడంటే పెళ్ళివారు గుమ్మం దిగుతారు. మీనంలో వుంటే ఆ దోషం లేదనే మినహాయింపూ వుంది, కాని దానిని వినిపించుకొనేవరకు వారు ఆగాలి గదా!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దశల తర్వాత ఫలభాగం. నక్షత్ర ఫలంలో 'రాక్షస గణము' అని, కింద 'పితృగండము, శాంతి చేయవలెను' అని వున్నాయి. మూల మొదటి పాదం తండ్రికి, రెండోది తల్లికి, మూడోది ధనానికి చెరుపని, నాలుగోది శుభమని పాత మాట. మా నాన్న శాంతి చేయించారు. నూనెలో నా నీడ చూశారు. ఆ అధ్యాయం అక్కడితో ముగిసింది. కాని ఆడపిల్లకు మూల ముగియదు. మూలలో పుట్టిన కోడలు మామగారికి, ఆశ్లేషలో పుట్టింది అత్తగారికి, జ్యేష్ఠలో పుట్టింది బావగారికి, విశాఖలో పుట్టింది మరిదికి కీడని మన ఇళ్ళల్లో చెప్పుకొంటారు. ఈ జాబితాను ఒక్కసారి పైనుంచి కిందికి చదవండి. ఇందులో ఆకాశం ఎక్కడుంది? ఇది ఉమ్మడికుటుంబం వరస. ఇంటికి రాబోయే పరాయి పిల్లవల్ల ఎవరెవరి పెత్తనానికి దెబ్బ తగులుతుందని భయమో, ఆ మనుషులందరికీ ఒక్కొక్క నక్షత్రం కేటాయించారు. ఆ పిల్లకు అత్తింట్లో కీడు తెచ్చే మామగారి నక్షత్రం ఏదని అడిగే పట్టిక లేదు.

చంద్రుడు ఇరవైయేడున్నర రోజులలోపే ఒకసారి మూలను దాటుతాడు. ఇరవైయేడుగురిలో దాదాపు ఒకరు ఆ నక్షత్రంలోనే పుడతారు. ఒక్కొక్క కాలేజీలో ఇన్ని పదులమంది ఆడపిల్లలు పుట్టుకతోనే మామగార్లకు మృత్యువులన్నమాట!

2015లో నాకు వచ్చిన సంబంధం ఈ ఒక్క మాటమీదనే చెడింది. పెళ్ళికొడుకు ఇంజనీరు. వాళ్ళ ఇల్లు మద్దిలపాలెంలో మా ఇంటికి రెండు వీధుల అవతల. తర్వాత ఆరు నెలలకు మా పెద్దమావయ్య ఒక కొత్త పుస్తకం పట్టుకువచ్చాడు. కంప్యూటరు మీద అచ్చువేసి, అట్టమీద వినాయకుడి బొమ్మ వేయించాడు. "ఇకనుంచి ఎవరడిగినా ఇదే ఇవ్వండమ్మా, పాతది బయట పెట్టకండి" అని అమ్మకు చెప్పాడు. అందులో నా నక్షత్రం పూర్వాషాఢ మొదటి పాదం. మనుష్య గణం. దశ శుక్రునితో మొదలు. పేరులో మొదటి అక్షరం 'యే' పోయి 'భూ' వచ్చింది. మూలకూ పూర్వాషాఢకూ రాశి ఒకటే, ధనుస్సు. కాబట్టి రాశిచక్రం మార్చనక్కరలేకపోయింది. పదోతరగతి సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ వుంది గనుక దానినీ మార్చలేదు. జూన్ 9, శనివారం, బహుళ పాడ్యమి అలాగే వుండిపోయాయి.

ప్రతులను పోల్చి ప్రక్షిప్తాలు పట్టుకోవడం మాకు ఎమ్మేలో నేర్పిన పని. ఇక్కడ దానికి కావలసిందల్లా కూడిక. పాత పుస్తకంలోని గ్రహస్ఫుటాల పట్టిక ప్రకారం ఆనాడు రవి వృషభంలో 24 భాగల మీద వున్నాడు. మేషాదినుంచి లెక్కిస్తే 54. తిథి అంటే రవినుంచి చంద్రుడు పన్నెండేసి భాగలు జరగడం. పౌర్ణమి ముగిసేసరికి దూరం 180, పాడ్యమి ముగిసేసరికి 192. కాబట్టి ఆనాటి పాడ్యమిలో చంద్రుడు 234కూ 246కూ మధ్యనే వుండాలి. మూల 240లో మొదలై 253 దాటి ముగుస్తుంది. పూర్వాషాఢ ఆ తర్వాతగాని రాదు. వృషభంలో 24 భాగల మీద రవి వుండగా బహుళ పాడ్యమినాడు పూర్వాషాఢ అసంభవం. అది కావాలంటే తిథి విదియ కావాలి, వారం ఆదివారం కావాలి, నేను మరునాడు పుట్టాలి.

రెండో సాక్ష్యం నవాంశచక్రం. రాశిని తొమ్మిది భాగాలు చేసి గీసే ఈ రెండో చతురస్రంలో, మూల మొదటి పాదంలోని చంద్రుడు మేషంలో పడతాడు, పూర్వాషాఢ మొదటి పాదంలోనివాడు సింహంలో. కొత్త పుస్తకంలో నక్షత్రం మారిందిగాని నవాంశలో చంద్రుడు పాత మేషంలోనే కూర్చొని వున్నాడు. రాసినవాళ్ళు తెచ్చిపెట్టుకొన్న పేరు మార్చారు, లెక్క మార్చడం మరిచారు.

మావయ్యను నేను తప్పుపట్టలేదు. ఆయన ఆకాశాన్ని మోసగించలేదు, సంతను మోసగించబోయాడు. సంత మొదట మోసం చేసిందని ఆయనకు తెలుసు. కాని ఒక విషయం మనం గమనించాలి. ఆ పుస్తకాన్ని తర్వాత మూడు కుటుంబాల సిద్ధాంతులు చూశారు. ఒక్కరూ తిథికీ నక్షత్రానికీ పొంతన లేదని అనలేదు. ముప్ఫై ఆరు గుణాలలో ఎన్ని కలిశాయో మాత్రం లెక్క చూశారు. జాతకం నిజమో కాదో తేల్చే కూడిక ఏ పెళ్ళిచూపుల్లోనూ జరగదు. అక్కడ చదివేది నక్షత్రం పేరొక్కటే.

ఆ గుణాల పట్టికలోనే మరొక ముచ్చట. మొదటి గుణం వర్ణం. ధనూరాశివారికి అది క్షత్రియ వర్ణం అని రాసి వుంటుంది. మా ఇంటివాళ్ళు క్షత్రియులు కారు. పట్టిక ప్రకారం రాశిని బట్టి ప్రతి ఇంట్లోనూ నాలుగు వర్ణాలవాళ్ళూ పుడుతూనే వుంటారు. గ్రహాలు ఇచ్చిన ఈ వర్ణాన్ని చూపించి ఎవరైనా తమ కులం వెలుపల సంబంధం చేసుకొన్నట్టు నేను వినలేదు. గ్రహవాక్కు మామగారి ఆయుర్దాయం విషయంలో వేదం, కులం విషయంలో మాత్రం ఒక మార్కు. శాస్త్రంలో ఏ భాగం నమ్మాలో, ఏది వదలాలో నిర్ణయించేది శాస్త్రం కాదని ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఈ పుస్తకం లేనివాళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. పోర్టులో మూటలు మోసినవారి పిల్లలకు, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కూలీల పిల్లలకు చాలామందికి జనన ఘడియలు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళ పెళ్ళిళ్ళకు పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి 'నామనక్షత్రం' చూస్తారు. అంటే పుట్టిన వేళ తెలిసినవారికి విఘడియ తేడా వచ్చినా ప్రమాదమే, తెలియనివారికి పెట్టుకొన్న పేరే చాలు! కచ్చితత్వం ఎంత కావాలన్నది ఇంటి ఆస్తిని బట్టి వుంటుంది.

1910లో తోకచుక్క వచ్చినప్పుడు గురజాడ దానిని అరిష్టంగా గాక సంఘసంస్కరణ పతాకగా చూపుతూ 'ముత్యాలసరములు' రాశారు. ఆయన ఆకాశాన్ని తోసిపుచ్చలేదు, దానికి అంటగట్టిన భయాన్ని తోసిపుచ్చారు. మనం చేయవలసిందీ అదే. మొదటి మూడు పేజీలు మా తాతల కాలంనుంచి వచ్చిన లెక్కల నేర్పు. ఆ నేర్పును తరగతిగదిలో చెప్పడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. నాలుగో పేజీనుంచి వున్నది లెక్క కాదు, అత్తింటి చట్టం. ఈ రెండింటినీ ఒకే దారంతో కుట్టడంవల్లనే రెండోదానికి మొదటిదాని గౌరవం దక్కుతున్నది.

నేను నా విద్యార్థినులకు పాతపుస్తకంలోని స్ఫుటాలు, కొత్తపుస్తకంలోని తిథి నక్షత్రాలు బల్లమీద రాసి తేడా పట్టుకోమన్నాను. పావుగంటలో పట్టుకొన్నారు. ఆ తర్వాత ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, పాతదే నిజమని తేలింది గదా, మరి మీ మామగారు?" మా మామగారికి డెబ్భై మూడేళ్ళు. నా నక్షత్రం ఆయనకు పెళ్ళికి ముందే చెప్పాను. ఆయన గంగవరంలో పొద్దున్నే సముద్రపు గాలికి నడిచి వస్తారు. కాని ఇది నా వాదానికి ఆధారం కాదని ఆ అమ్మాయికి చెప్పాను. ఆయన రేపు చనిపోయినా ఆ మాట అబద్ధమే. ఒక మనిషి బతికి వుండడం మీద గాక ఆ పట్టిక పుట్టిన తీరు మీద మన వాదం నిలవాలి. లేకపోతే ఏ ఇంట్లోనో ఒక ముసలాయన కాలధర్మం చెందిన రోజున, అక్కడి మూలా నక్షత్రపు కోడలి తరఫున మాట్లాడడానికి మనదగ్గర మాట వుండదు.